కెరటం విరగని చోటే లాగుతుంది

విశాఖ ఆర్‌.కె. బీచ్‌లో రోడ్డు అంచున, కాస్త ఎత్తుగా ఉన్న చోట నిలబడి ఓ పది నిమిషాలు కెరటాలను మాత్రమే చూడండి. తెల్లటి నురుగు వరసలు ఒకదాని వెనక ఒకటి ఒడ్డుకు వస్తుంటాయి. కొన్ని రోజుల్లో ఆ వరసలు అక్కడక్కడా తెగినట్టు కనిపిస్తాయి. ఆ తెగిన చోట పదిహేను, ఇరవై మీటర్ల వెడల్పున కెరటం విరగదు. నీళ్లు ముదురు రంగులో, నునుపుగా ఉంటాయి. సముద్రానికి కొత్తగా వచ్చినవాళ్లు దిగడానికి ఎంచుకునేది చాలాసార్లు ఆ చోటునే. రెండు పక్కలా కెరటాలు విరుచుకుపడుతుంటే మధ్యలో నెమ్మదిగా ఉన్న చోటు క్షేమమని అనిపించడం సహజం. కానీ ఒడ్డున పోగైన నీరు తిరిగి సముద్రంలోకి పోయే దారి అదే. దిగిన మనిషిని కూడా ఆ నీరు తనతో తీసుకుపోతుంది. దీన్నే రిప్‌ కరెంట్‌ అంటారు.

వేసవి సెలవుల్లో, పరీక్షలయ్యాక, కార్తీక స్నానాలప్పుడు మన తీరంలో కుర్రవాళ్లు కొట్టుకుపోతూనే ఉన్నారు. 2022 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో ఇంజనీరింగ్‌ విద్యార్థులు అలాగే మనకు దక్కకుండా పోయారు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ మర్నాడు ‘ఈత రాక’ అనో, ‘రాకాసి అల’ అనో రాస్తాం. కొన్నాళ్లు బీచ్‌లోకి ఎవరినీ రానివ్వరు. తర్వాత మళ్లీ అదే ఒడ్డు, అదే జనం. ఒడ్డున పాతిన బోర్డు సముద్రస్నానం ప్రమాదకరమని చెబుతుంది. ఏ చోట ప్రమాదమో, ఎందుకో, చిక్కుకుంటే ఏం చేయాలో చెప్పదు. రిప్‌ చాలావరకు కంటికి కనిపించేది. ఎలాంటి చోట, ఎలాంటి రోజున పుడుతుందో ముందే చెప్పగలిగేది. అందులోంచి బయటపడే పద్ధతిని పదహారేళ్ల పిల్లలకు ఒక్క పూటలో నేర్పవచ్చు. ఆ పని మనం చేయడం లేదన్నదే నా ఫిర్యాదు.

నీరు ఎందుకు వెనక్కి పోతుంది?

విరిగిన ప్రతి కెరటమూ కొంత నీటిని ఒడ్డువైపు తోస్తుంది. కెరటాలు వరసగా విరుగుతున్న కొద్దీ ఒడ్డు దగ్గర నీటిమట్టం లోపలి సముద్రం కంటే కొన్ని అంగుళాలు పెరుగుతుంది. అంగుళాలే అయినా వందల మీటర్ల ఒడ్డు పొడవునా పోగైన నీరది. పల్లం వెతుక్కుంటూ అదంతా వెనక్కి పోవాలి. ఒడ్డుకు కొద్ది దూరంలో నీటి అడుగున ఇసుక మేటలు ఉంటాయి. మేట మీద లోతు తక్కువ కాబట్టి కెరటం అక్కడ విరిగి నీటిని ముందుకు తోస్తుంది. రెండు మేటల మధ్య సందులో లోతు ఎక్కువ. అక్కడ కెరటం విరగదు, తోపు ఉండదు. పోగైన నీరు ముందు ఒడ్డు వెంబడే పక్కకు పారి ఆ సందు చేరుతుంది. అక్కడినుంచి లోపలికి మళ్లుతుంది, పోతూ పోతూ సందును ఇంకా లోతు చేస్తుంది. దూరం నుంచి చూసినప్పుడు కనబడే ముదురు రంగు ఆ లోతు వల్ల వచ్చిందే. ఇసుక కలిసిన మడ్డి నీళ్లు గానీ, నురుగు చారలు గానీ, తేలే చెత్త గానీ ఒడ్డు నుంచి లోపలికి పోతూ కనబడితే అనుమానం అక్కర్లేదు.

ఒడ్డు వెంబడి పక్కకు పారే ఆ నీటిని ఎక్కువమంది పట్టించుకోరు. మీరు మోకాలి లోతులో ఆడుకుంటున్నారు. పది నిమిషాలకు తల ఎత్తి చూస్తే చెప్పులు, బ్యాగులు పెట్టిన చోటు పక్కకు జరిగిపోయినట్టుంటుంది. నిజానికి జరిగింది మీరే. మిమ్మల్ని నడిపించినది రిప్‌కు నీరు మోసే పిల్ల ప్రవాహం. అప్పటికి ఇంకా కాళ్లు నేలకు ఆనే ఉంటాయి, నడిచి బయటికి రావచ్చు. ఇంకాస్త ముందుకెళితే సందు అంచు వస్తుంది. అక్కడ నడుము లోతు కాస్తా ఒకటి రెండు అడుగుల్లో మెడ లోతు అవుతుంది. అందుకే నీళ్లలో దిగే ముందు ఒడ్డున ఒక గుర్తు పెట్టుకోవాలి. అది దీపస్తంభం కావచ్చు, కొట్టు కావచ్చు, గొడుగు కావచ్చు. దానికి ఎదురుగా లేమని తెలిసిన క్షణమే బయటికి వచ్చేయాలి.

రిప్‌ వేగం మామూలుగా సెకనుకు అర మీటరుకు అటూ ఇటూ. పెద్ద కెరటాలున్న రోజుల్లో రెండు మీటర్లు దాటిన సందర్భాలూ ఉన్నాయి. ఒలింపిక్‌ ఈతగాళ్లు వంద మీటర్లు సుమారు 47 సెకన్లలో ఈదుతారు, అంటే సెకనుకు రెండు మీటర్ల పైచిలుకు. వాళ్లకైనా ఎదురీత కష్టమేనన్నమాట. పైగా ఈ వేగం నిలకడగా ఉండదు. కెరటాలు గుంపులుగా వస్తాయి. నాలుగైదు చిన్నవి వచ్చాక వరసగా కొన్ని పెద్దవి వస్తాయి. పెద్ద గుంపు విరిగిన కాసేపటికి లాగుడు ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పటిదాకా హాయిగా ఆడుకున్న చోటే ఉన్నట్టుండి కాళ్లు నిలవకపోవడానికి కారణం ఇదే. ‘ఇందాకటినుంచీ ఇక్కడే ఉన్నాం, ఏమీ కాలేదు’ అన్న మాటకు సముద్రం దగ్గర విలువ లేదు.

విశాఖ తీరానికి మరో లక్షణం ఉంది. ఆర్‌.కె. బీచ్‌ నుంచి భీమిలి దారి పొడవునా, ఇటు యారాడలోనూ, ఇసుక మధ్య రాళ్లు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒడ్డు వెంబడి పారుతున్న నీరు రాతిగుట్టకు తగిలి, పోయే దారి లేక, దాని పక్కనుంచే లోపలికి మళ్లుతుంది. ఇసుక సందులో పుట్టే రిప్‌ ఈ వారం ఇక్కడ, వచ్చే నెల వంద మీటర్ల అవతల ఉండవచ్చు. రాయి పక్క రిప్‌ మాత్రం రాయి ఉన్నంతకాలం అక్కడే పుడుతుంది. జెట్టీలు, రాతి కట్టలు, సముద్రంలోకి వదిలిన మురుగు గొట్టాల పక్కన కూడా ఇంతే. ఫొటోల కోసం కుర్రవాళ్లు ఎక్కేవీ ఆ రాళ్లే. ఒక పెద్ద కెరటం రాతి మీద నుంచి ఈడ్చిందంటే పడేది నేరుగా రిప్‌లోనే.

ఎలాంటి రోజున ఎక్కువ?

సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మేటల మీద నీరు లోతుగా ఉంటుంది. ఆటు వేళకు మేటలు పైకి తేలినంత పని అవుతుంది. కెరటాలు వాటి మీద గట్టిగా విరుగుతాయి, వెనక్కి పోయే నీటికి సందు తప్ప వేరే దారి ఉండదు. కాబట్టి నీరు తీస్తున్న వేళ, ఆటు దగ్గరపడినప్పుడు చాలా చోట్ల రిప్‌ బలం పుంజుకుంటుంది. పున్నమికి, అమావాస్యకు పోటు ఎక్కువ, ఆటూ ఎక్కువ. మన పుణ్యస్నానాల తిథులు చూడండి. కార్తీక పున్నమి, మాఘ పున్నమి. కార్తీకం బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం కూడా. వందల కిలోమీటర్ల దూరంలో తుపాను ఉంటే దాని కెరటాలు మన ఒడ్డుకు ముందే చేరతాయి. సూర్యలంకలో, మంగినపూడిలో లక్షల జనం నీళ్లలో దిగే రోజు, సముద్రం కూడా ఎక్కువగా కదిలే రోజవుతోంది. స్నానం వద్దని నేను అనను. ఆ రోజు పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు అన్నది పంచాంగంలో ముహూర్తంతో పాటు తెలుసుకుని వెళ్లాలంటున్నాను. మోకాలి లోతులో చెంబుతో పోసుకున్నా స్నానమే.

అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి, హంసలదీవిలో కృష్ణ సముద్రంలో కలుస్తాయి. అక్కడి ప్రవాహం రిప్‌ కాదు, రిప్‌ కంటే పెద్దది. ఆటు వేళ నదీముఖంలోని నీరంతా ఒక్కసారిగా సముద్రంలోకి దిగుతుంది. దాని వెడల్పు ఇరవై మీటర్లు కాదు, పక్కకు ఈది తప్పుకుందామంటే కుదరదు. సంగమం దగ్గర నీరు తీస్తున్నప్పుడు దిగకూడదు, అంతే.

గాలి లేని ఎండ రోజున కూడా పెద్ద కెరటాలు రావచ్చు. హిందూ మహాసముద్రం దక్షిణ కొసన లేచిన తుపాను కెరటాలు రోజుల తరబడి ప్రయాణించి మన తీరానికి చేరతాయి. ఒక కెరటానికి మరో కెరటానికి మధ్య వ్యవధి పదిహేను సెకన్లు, ఆపైన ఉందంటే అవి దూరం నుంచి వచ్చినవి. చూడ్డానికి నిదానంగా ఉన్నా మోసుకొచ్చే నీరు ఎక్కువ. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్‌, ఇలాంటి ఎత్తైన కెరటాల హెచ్చరికలు ఇస్తుంది. incois.gov.in లో ఎవరైనా చూడవచ్చు. వేటకు వెళ్లేవాళ్లు వాటిని చూసుకుంటారు. బీచ్‌కు బస్సు కట్టించుకుని వెళ్లే కాలేజీలు కూడా చూసుకోవాలి.

చిక్కుకున్న కుర్రాడి లెక్క

ఇరవై ఏళ్ల కుర్రాడు పూల్‌లో వంద మీటర్లు రెండున్నర నిమిషాల్లో ఈదుతాడనుకుందాం. మంచి ఈతే. సెకనుకు సుమారు 0.67 మీటర్లు. సెకనుకు ఒక మీటరు వేగంతో లాగుతున్న రిప్‌లో పడ్డాడు. ఒడ్డు కళ్ల ముందే ఉంది, ఎవరైనా చేసే పనే చేశాడు. ఒడ్డు వైపు ఈదాడు. నిమిషంలో నలభై మీటర్లు ఈదాడు, కానీ ఒడ్డుకు ఇరవై మీటర్లు దూరమయ్యాడు. దూరమయ్యానని తెలిసి ఇంకా గట్టిగా ఈదుతాడు. పూల్‌లో ఈ జోరు రెండు నిమిషాలు పట్టగలడు. సముద్రంలో ముఖం మీద కెరటం కొడుతుంటే, భయంతో ఊపిరి తెగుతుంటే, ఒంటి మీద తడిసిన జీన్స్‌ ఉంటే ఒక్క నిమిషం కూడా పట్టలేడు. రిప్‌ మనిషిని అడుక్కి లాగదు. పైపైన లోపలికి తీసుకుపోతుంది, అంతే. ముంచేది అలసట. ఈత వచ్చినవాళ్లు కూడా మునగడానికి కారణం ఇదే.

అదే కుర్రాడు పక్కకు ఈదాడనుకుందాం. రిప్‌ వెడల్పు ఇరవై మీటర్లు, అతను నడిమధ్యలో ఉన్నాడు. అంచు పది మీటర్ల దూరం. అదే వేగంతో ఈదితే పదిహేను సెకన్లు పడుతుంది. ఈలోగా ప్రవాహం అతన్ని ఇంకో పదిహేను మీటర్లు లోపలికి తీసుకుపోతుంది. పోనీయాలి. అంచు దాటాక అతను మేట మీద, తెల్లగా విరిగే కెరటాల మధ్య ఉంటాడు. ఇక్కడ ప్రతి కెరటమూ అతన్ని ఒడ్డువైపే తోస్తుంది, కొన్నిచోట్ల కాళ్లు కూడా అందుతాయి. ఒడ్డు మీద నుంచి చూసి భయపడిన తెల్ల నురుగే ఇప్పుడు ఇంటికి చేర్చే దారి.

అయితే ఇదొక్కటే మంత్రం అనుకోకూడదు. కాలిఫోర్నియాలో పరిశోధకులు జీపీఎస్‌ కట్టిన బోయాలను రిప్‌లలోకి వదిలి చూస్తే ఎక్కువ భాగం లోపలికి పోయి, గుండ్రంగా తిరిగి, కొన్ని నిమిషాల్లో మళ్లీ మేట మీదికి వచ్చాయి. అంటే ఊరికే తేలుతూ ఉన్నా నీరే తిరిగి తెచ్చే అవకాశముంది. మరికొన్ని రిప్‌లు అలా తిప్పి తేకుండా కెరటాలు విరిగే గీత అవతలికి విసిరేస్తాయి. నీరు గుండ్రంగా తిరిగే చోట పక్కకు ఈదినా ఒక వైపు సులువు, రెండో వైపు ఎదురీతే. ఆస్ట్రేలియాలో ఈతగాళ్లను నిజమైన రిప్‌లలోకి పంపి చూసినప్పుడు ప్రతిచోటా పనిచేసే ఒకే పద్ధతి లేదని తేలింది. అందుకని ముందు చేయాల్సింది తేలడం. వెల్లకిలా పడుకుని, చెవులు నీళ్లలో మునిగేలా తల వెనక్కి వాల్చి, ఛాతీ నిండా గాలి పట్టి, చేతులు చాపాలి. ఊపిరి దారికి వచ్చాక ఒక చెయ్యి ఎత్తి ఊపాలి. ఆ తర్వాత తెల్లగా విరిగే కెరటాలు ఏ పక్క దగ్గరగా ఉన్నాయో చూసి అటు నిదానంగా ఈదాలి. కదలడం లేదనిపిస్తే రెండో పక్కకు తిరగాలి. రాతి పక్క రిప్‌లో మాత్రం రాళ్లకు దూరంగా ఉన్న వైపే ఈదాలి. కెరటం రాతికేసి కొడితే తలకు తగిలే దెబ్బ రిప్‌ కంటే ముందు ప్రాణం తీస్తుంది.

ఈత రానివాళ్ల సంగతి? మన బీచ్‌లలో నీళ్లలో దిగేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. వాళ్లకు పక్కకు ఈదమని చెప్పడం వ్యర్థం. వాళ్లకు మోకాలే హద్దు. నీటి వేగం రెట్టింపైతే కాళ్ల మీద తోపు నాలుగింతలవుతుంది. మోకాలి లోతులో తట్టుకోగలిగిన ప్రవాహమే నడుము లోతులో మనిషిని పడగొడుతుంది. తేలడం మాత్రం వాళ్లూ నేర్చుకోవచ్చు, ఈత కంటే అది చాలా త్వరగా వస్తుంది. ఉప్పునీటికి బరువెక్కువ కాబట్టి అరవై కిలోల మనిషిని సముద్రం, మంచినీటి కంటే దాదాపు కిలోన్నర ఎక్కువ పైకెత్తి పడుతుంది. చేతులు పైకెత్తి కేకలు వేయబోయేవాళ్లు మునుగుతారు. చేతులు నీళ్లలోనే ఉంచి తల వాల్చినవాళ్లు తేలతారు.

కాపాడబోయి పోయేవాళ్లు

ఒకే గుంపులో ముగ్గురు, నలుగురు పోయారన్న వార్తల్లో తరచూ ఉండే కథ ఒకటే. మొదట ఒకరు కొట్టుకుపోతారు, మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు కాపాడబోతారు. స్నేహితుణ్ని వదలలేని మనసది, దాన్ని తప్పుపట్టలేం. కానీ మునుగుతున్నవాడికి ఎదుటి మనిషి తేలే వస్తువులాగే కనిపిస్తాడు. మెడ పట్టుకుని పైకెక్కుతాడు, ఇద్దరూ పోతారు. అతనికి కావలసింది మనిషి కాదు, తేలే వస్తువు. తల నీటి పైన ఉంచడానికి నాలుగైదు కిలోల ఆధారం చాలు. ఇళ్లకు నీళ్లు వేసే ఇరవై లీటర్ల ఖాళీ డబ్బా మూత బిగించి విసిరితే ఇరవై కిలోల వరకు పట్టి ఉంచుతుంది. దాని పిడికి పాతిక మీటర్ల నైలాన్‌ తాడు కడితే లాగి ఒడ్డుకు తేవచ్చు. పిక్నిక్‌ బస్సులో బిర్యానీ గిన్నెల పక్కన దీనికి చోటు దొరక్కపోదు. తాడు లేకపోతే చున్నీలు, లుంగీలు ముడివేయండి. ఒకరు 112కు ఫోన్‌ చేయాలి. ఇంకొకరు మునుగుతున్నవాడి మీదే చూపు నిలిపి వేలితో చూపిస్తూ ఉండాలి. కెరటాల మధ్య తల ఒక్కసారి కనుమరుగైతే మళ్లీ దొరకదు. మునిగేవాళ్లు సినిమాల్లోలా అరవరు. నోరు నీటి మట్టానికి వచ్చి పోతుంటుంది, చూపు శూన్యంగా ఉంటుంది, ఊపిరికే సమయం చాలదు. నిశ్శబ్దంగా, ఒక నిమిషంలోపే అయిపోతుంది.

బయటికి తీశాక మనవాళ్లు చేసే పని కడుపు నొక్కడం, కాళ్లు పట్టి గిరగిర తిప్పడం. ఈ రెండూ మానేయాలి. కడుపులో నీరు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు పోతాయి. మునిగిన మనిషికి కరువైంది ప్రాణవాయువు. ఊపిరి ఆడకపోతే చదునైన చోట వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి నోట్లోకి రెండుసార్లు ఊపిరి ఊదాలి. కొన్ని దేశాల శిక్షణలో ఐదుసార్లు అంటారు. తర్వాత ఛాతీ మధ్యలో రెండు అంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో ముప్పైసార్లు నొక్కాలి. మళ్లీ రెండు ఊపిరులు, మళ్లీ ముప్పై. 108 వచ్చేదాకా ఆపకూడదు. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు గంటల తర్వాత కూడా ఊపిరి ఆడనివ్వకపోవచ్చు.

నదిలో ఇసుక గుంత, కాలువలో నున్నటి గోడ

సముద్రంలో కనిపించే గుర్తులు నదిలో ఉండవు. గోదావరి, కృష్ణ ఇసుక తిన్నెల్లో యంత్రాలతో తవ్విన గుంతలు వర్షాలకు నిండి, పైకి మామూలు నీళ్లలాగే కనిపిస్తాయి. నడుము లోతులో నడుస్తున్నవాడికి తర్వాతి అడుగులో నేల ఉండదు. వెనక్కి ఎక్కబోతే గుంత అంచులోని వదులు ఇసుక కాలి కింద జారి మళ్లీ లోపలికే దింపుతుంది. చేయీ చేయీ పట్టుకుని వరసగా దిగిన స్నేహితులు ఒకేసారి పోయేది ఇలాంటి చోట్లే. ఇక్కడ ఏ ఈత పద్ధతీ ముందుగా చెప్పదగ్గది కాదు. తవ్వకాలు జరిగిన రేవులో దిగొద్దు. మెట్లున్న ఘాట్‌లో, ఊరివాళ్లు రోజూ స్నానం చేసే చోట దిగండి. ఆనకట్ట కింద మాత్రం నీరు ఎంత పలచగా ఉన్నా దిగొద్దు. 2014 జూన్‌ 8న హిమాచల్‌ ప్రదేశ్‌లో బియాస్‌ నది రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న హైదరాబాద్‌ ఇంజనీరింగ్‌ విద్యార్థులు 24 మంది, పైన లార్జి జలవిద్యుత్‌ ప్రాజెక్టు నుంచి వదిలిన నీటికి కొట్టుకుపోయారు. వాళ్లు ఈదడానికి దిగినవాళ్లు కూడా కాదు. నదిలో రాయి మీద ఉన్నప్పుడు నీటి రంగు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చినా, తడి గీత అంగుళం పైకి జరిగినా, సామాను వదిలేసి గట్టెక్కాలి.

కాలువ ఇంకో రకం. డెల్టా కాలువలకు మట్టిగట్లు, రేవులు ఉంటాయి, ఎక్కడో ఒకచోట పట్టు దొరుకుతుంది. నాగార్జునసాగర్‌ కాలువల్లాంటి పెద్ద వాటికి సిమెంటు లైనింగ్‌ చేసిన చోట నున్నటి వాలు, దాని మీద పాచి. దిగడం ఒక్క జారు, ఎక్కడం దాదాపు అసాధ్యం. సెకనుకు 1.2 మీటర్ల వేగమున్నా నిమిషంలో 72 మీటర్లు దాటిపోతారు. కాబట్టి దిగేముందు ప్రవాహం దిశలో చూసుకోవాలి. ఎక్కడ మెట్లున్నాయి, ఎంత దూరం? వాటి తర్వాత లాకు, రెగ్యులేటరు, సైఫన్‌, తూము ఏదైనా ఉందా? మెట్లకంటే ముందు అవి వస్తే ఆ చోట దిగడమే కుదరదు. షట్టరు కింద నుంచి పోయే నీటి లాగుడు పైన కనబడదు, పట్టుకుంటే వదలదు. పడిపోతే కాళ్లు ముందుకు పెట్టి వెల్లకిలా తేలుతూ, ఏటవాలుగా గట్టుకు చేరుతూ మెట్ల దాకా వెళ్లాలి. తాడు విసిరేవాళ్లు కూడా ముందుకు పరిగెత్తి, కొట్టుకొచ్చే మనిషికి ఎదురుగా విసరాలి.

ఇది ఎవరి పని?

ఆస్ట్రేలియాలో సగటున ఏటా ఇరవై మందికి పైగా రిప్‌ల వల్ల చనిపోతున్నారని ఒక పరిశోధన లెక్కగట్టింది. సొరచేపలు, తుపాన్లు, వరదలు, కార్చిచ్చులు కలిపినా అన్ని చావులు లేవు. ఆ దేశం సముద్రాన్ని మూసేయలేదు. లైఫ్‌గార్డులు ప్రతి ఉదయం నీటిని చూసి ఆ రోజుకు క్షేమమైన చోట ఎరుపు, పసుపు జెండాలు రెండు పాతుతారు. ఈతకు రెండు జెండాల మధ్యే హద్దు. రిప్‌ జరిగితే జెండాలూ జరుగుతాయి. రాబ్‌ బ్రాండర్‌ అనే తీర శాస్త్రవేత్త ఊదా రంగు నీటిలో కలిపి రిప్‌ దారిని జనానికి కళ్లకు కట్టేలా చూపిస్తాడు. మన బోర్డు మాత్రం ఏడాది పొడవునా ఒకే చోట, ఒకే మాట చెబుతూ నిలబడి ఉంటుంది. విశాఖ, బాపట్ల, మచిలీపట్నం తీరాల్లో రోజూ జెండా మార్చడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. శిక్షణ ఉన్న ఇద్దరు గజఈతగాళ్లు, ఒక ఎత్తైన మంచె, రెండు జెండాలు, తాడు కట్టిన తేలే చక్రాలు చాలు. తీరం మీది మత్స్యకార యువకులకు నీటి సంగతి తెలుసు. వాళ్లను పండగ రోజుల్లో దినకూలీకి పిలిచే బదులు ఏడాది పొడవునా జీతానికి తీసుకోవాలి.

ఇంటర్‌, డిగ్రీ, ఇంజనీరింగ్‌ కాలేజీల యాజమాన్యాలను ఒక్కటే అడుగుతున్నాను. ఈ ఏడాది విద్యార్థుల్ని విహారయాత్రకు పంపే ముందు ఒక పూట తేలడం, ఒక పూట సీపీఆర్‌ నేర్పించండి. బస్సులో తాడు కట్టిన ఖాళీ డబ్బాలు రెండు పెట్టించండి. విద్యార్థులారా, మీ కాలేజీ ఆ పని చేయకపోతే మీరే చేసుకోండి. బీచ్‌లో దిగగానే నీళ్లలోకి పరిగెత్తకుండా పది నిమిషాలు ఎత్తున నిలబడి చూడండి. ఎక్కడ కెరటం విరగడం లేదో మీ గుంపులో ప్రతి ఒక్కరికీ వేలు పెట్టి చూపించండి. అక్కడ ఎవరినీ దిగనివ్వకండి.